కలెక్టర్ గారిని కలవాలంటే మెయిల్ ఎలా రాయాలి?

జిల్లా కలెక్టర్‌ను కలిసేందుకు సమయం అడుగుతూ వచ్చే మెయిల్‌ను ముందుగా చదివేది సాధారణంగా కలెక్టర్ కాదు, ఆయన పేషీలోని సిబ్బంది. రోజూ వచ్చే మెయిళ్లు, తపాలా, ఫోన్లు, పై నుంచి వచ్చే సందేశాలు అన్నీ చూసుకుని, ఏది సార్ దృష్టికి తీసుకెళ్లాలి, ఏది ఏ సెక్షన్‌కు పంపాలి అన్నది అక్కడే విడదీస్తారు. మన మెయిల్ దారి ఎటు అన్నది తేలేది కూడా అక్కడే.

ఆ మెయిల్‌లో సమయం అడుగుతున్న ముక్క పైనే కనిపిస్తే అది కలెక్టర్ గారి కార్యక్రమాలు రాసుకునే డైరీ వైపు వెళ్తుంది. మూడు పేజీల గోడు రాసి చివరి వరుసలో ‘ఒకసారి కలిసే అవకాశం ఇవ్వగలరు’ అని ముగిస్తే మాత్రం అది మామూలు అర్జీగా లెక్కకు వస్తుంది. అర్జీ అయితే సంబంధిత సెక్షన్‌కు పోతుంది, సెక్షన్ నుంచి ‘తగు చర్య నిమిత్తం’ అని తహశీల్దార్‌కు చేరుతుంది. తహశీల్దార్ ఆఫీసులో పని కావడం లేదనే కలెక్టర్‌ను కలవాలనుకున్న మనిషి కాగితం తిరిగి తిరిగి అదే బల్ల మీదకు వస్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. రాసిన తీరును బట్టి అది వెళ్లవలసిన చోటుకే వెళ్లింది.

అందుకే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. సమయం కోరే మెయిల్ వేరు, అర్జీ వేరు. అర్జీలో సమస్యంతా ఉండాలి. మెయిల్‌లో మాత్రం పేషీలోని మనిషి మనకు ఒక రోజు, ఒక వేళ కేటాయించడానికి కావలసినంతే ఉండాలి. ఈ తేడా పట్టుకుంటే భాష, మర్యాద, అమరిక వాటంతట అవే దారిలో పడతాయి.

తెలుగులో రాయవచ్చా?

నిస్సందేహంగా రాయవచ్చు. ప్రభుత్వానికి రాసేది ఇంగ్లీషులో లేకపోతే పట్టించుకోరన్న భయం చదువుకున్నవారిలోనే ఎక్కువ. మన రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, తన ఫిర్యాదుకు పరిష్కారం కోరే ఏ వ్యక్తి అయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అధికారులకు దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలుగు అధికార భాష. కాబట్టి తెలుగులో రాయడం అధికారిని సాయం అడగడం కాదు, చట్టం ఇచ్చిన వీలును వాడుకోవడం.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐఏఎస్ అధికారుల్లో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. తమకు కేటాయించిన రాష్ట్రపు భాషను శిక్షణలో నేర్చుకుంటారు, పనిలో పడ్డాక చక్కగా మాట్లాడతారు. అయినా సమాసాలు దట్టించిన గ్రాంథికం చదవడం వారికి కష్టమే. చిన్న వాక్యాలు, మామూలు మాటలు వాడితే పేషీలోని తెలుగువారికీ, పైనున్న అధికారికీ ఇద్దరికీ ఒకేలా అర్థమవుతుంది.

ఒక ఊరి చెరువు కథ తీసుకుందాం

చెప్పుకోవడానికి వీలుగా తెలంగాణలోని ఒక ఊరిని ఊహించుకుందాం. ఆ ఊరి చెరువులోకి పై నుంచి వరద తెచ్చే కాలువ ఒకటుంది. ఊరి శివారులో ఆ కాలువను కొంతమేర మట్టి పోసి పూడ్చేశారు. వేసవిలోనే చూసుకున్న ఆయకట్టు రైతులు మే 5న తహశీల్దార్‌కు దరఖాస్తు ఇచ్చారు. కాలువ హద్దులు తేల్చడానికి సర్వే చేయిస్తామన్నారు గానీ చేయించలేదు. జూన్ 23, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చి రశీదు తెచ్చుకున్నారు. జూలై వచ్చింది, వానలు మొదలయ్యాయి, వరద చెరువుకు రాకుండా పక్క పొలాల్లోకి మళ్లుతోంది. ఇప్పుడు వాళ్లు కలెక్టర్‌ను కలవాలనుకుంటున్నారు.

ప్రజావాణిలో ఇచ్చాక మళ్లీ విడిగా కలవడం ఎందుకని అనిపించవచ్చు. ప్రజావాణికి వందల మంది వస్తారు, ఒక్కొక్కరికి దొరికేది నిమిషమో రెండు నిమిషాలో. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గరా ఇదే పరిస్థితి. ఒక కుటుంబానికి రావలసిన పింఛనో, పేరులో తప్పో అయితే అక్కడ ఇచ్చిన అర్జీ చాలు. పటం పరిచి చూపించవలసిన కాలువ సంగతి, రెవెన్యూ, నీటిపారుదల శాఖలు రెండూ కలిసి చేయవలసిన పని, అలా నిలబడి చెప్పుకునే రెండు నిమిషాల్లో తేలదు. అలాంటి వాటికే విడిగా సమయం అడగాలి.

మెయిల్ రాయడానికి కూర్చునే ముందు ఆ రైతులు తమలో తాము తేల్చుకోవలసిన మాట ఒకటుంది. కలెక్టర్ ఎదుట కూర్చున్నాక అడగబోయేది ఏమిటి? ‘మాకు న్యాయం చేయాలి’ అంటే అధికారి సంతకం పెట్టగలిగేది ఏమీ ఉండదు. ‘కాలువ హద్దుల సర్వేకు తేదీ నిర్ణయించండి’ అంటే అక్కడికక్కడే ఆదేశం ఇవ్వవచ్చు. ఈ ఒక్క వాక్యం ఖాయమైతే మెయిల్ సగం రాసినట్టే. అది ఖాయం కాకపోతే ఎంత గౌరవంగా రాసినా మెయిల్ నీళ్లు నమలుతూనే ఉంటుంది.

ఆ రైతులు ఇలా రాయవచ్చు

విషయం: కలిసేందుకు సమయం కోరుతూ – (గ్రామం) చెరువు వరద కాలువ – ఆయకట్టు రైతులు, (మండలం)

తేదీ: 16-07-2025

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారములు.

మేము (మండలం) మండలం (గ్రామం) చెరువు కింద సాగు చేసుకుంటున్న ఆయకట్టు రైతులం. మా చెరువులోకి వరద తెచ్చే కాలువను శివారులో పూడ్చివేసిన విషయమై తమరిని స్వయంగా కలిసి విన్నవించుకునేందుకు 15 నిమిషాల సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

ఈ విషయమై 05-05-2025న తహశీల్దార్ గారికి దరఖాస్తు ఇచ్చాము. 23-06-2025న ప్రజావాణిలో అర్జీ ఇచ్చాము (రశీదు నంబర్: ........). కాలువ హద్దుల సర్వే ఇంతవరకు జరగలేదు. వర్షాలు మొదలైనందున వరద చెరువుకు చేరకుండా పక్క పొలాల్లోకి మళ్లుతోంది. సర్వేకు తేదీ నిర్ణయించే విషయంలో తమ ఆదేశాలు కోరదలచాము.

వచ్చేవారు: నలుగురు రైతులు (పేర్లు కింద ఇచ్చాము).

మాకు అనుకూలమైన రోజులు: 23-07-2025 బుధవారం, 24-07-2025 గురువారం, 25-07-2025 శుక్రవారం. ఈ మూడింటిలో ఏ రోజైనా తమరు చెప్పిన వేళకు వస్తాము. ఇవి వీలుకాని పక్షంలో తమరు సూచించిన రోజున రాగలము.

సంప్రదించవలసినవారు: (పేరు), ఫోన్: ........

జతపరచినవి: 1. తహశీల్దార్ గారికి ఇచ్చిన దరఖాస్తు. 2. ప్రజావాణి అర్జీ, రశీదు. 3. కాలువ ఫొటోలు రెండు. (అన్నీ ఒకే పీడీఎఫ్‌లో)

తమరు సమయం కేటాయించగలరని ఆశిస్తూ,

భవదీయులు,
(నలుగురి పేర్లు, గ్రామం, మండలం)

ఇంతే. తెర మీద ఒకసారి కిందికి జరిపితే అయిపోతుంది. ఇందులో ఏ ముక్క ఎందుకు ఉందో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో ఒక్కొక్కటే చూద్దాం.

విషయం వరుస

ఫోన్‌లో మెయిల్ పెట్టె తెరిస్తే విషయం వరుసలో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, మిగతాది చుక్కల్లో పోతుంది. అందుకే ‘కలిసేందుకు సమయం కోరుతూ’ అన్నది ముందు పెట్టాం. చాలామంది కాగితం మీద రాసే అలవాటు కొద్దీ ‘విషయం: ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామ శివారులోని సర్వే నంబర్ ఇంతలో గల...’ అని మొదలుపెడతారు. కాగితం మీద అది సరైన పద్ధతే, వరుస మొత్తం కళ్లెదుట ఉంటుంది కాబట్టి. మెయిల్‌లో మాత్రం జిల్లా పేరు దగ్గరే వరుస తెగిపోతుంది. ఆ జిల్లా కలెక్టర్‌కే రాస్తున్నాం కనుక జిల్లా పేరు అక్కడ అవసరమే లేదు.

‘అత్యవసరం’, ‘చాలా ముఖ్యం’ అన్న మాటలు విషయం వరుసలో పెట్టకండి. పేషీకి వచ్చే మెయిళ్లలో చాలావాటి మీద ఆ ముద్ర ఉంటుంది కనుక దానికి విలువ పోయింది. నిజంగా తొందరగా చేయవలసిన పని అయితే కారణం లోపల చెప్పండి. ‘వర్షాలు మొదలైనందున’ అన్న మాట చెప్పే తొందరను ‘అత్యవసరం’ అన్న ముద్ర చెప్పలేదు.

సంబోధన, మర్యాద

అధికారికి రాసేటప్పుడు పేరు కన్నా హోదాతో సంబోధించడం మేలు. అధికారులు బదిలీ అవుతుంటారు, పాత కలెక్టర్ పేరుతో కొత్త కలెక్టర్‌కు మెయిల్ పంపడం మర్యాదగా ఉండదు. ‘గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి’ అంటే ఎవరున్నా సరిపోతుంది. పురుషులైనా మహిళలైనా సరిపోతుంది కూడా. బడిలో నేర్చుకున్న ‘ఆర్యా’ అన్న పిలుపు పురుషులకు చెందినది. జిల్లాల్లో ఎందరో మహిళా కలెక్టర్లు పనిచేస్తున్న రోజుల్లో చూసుకోకుండా అది రాయడం ఇబ్బంది. పేరు తప్పక రాయాలనుకుంటే ముందు ‘శ్రీ’, ‘శ్రీమతి’ అన్నవి ఊహించి పెట్టకుండా పేరు, దాని తరువాత ‘ఐ.ఎ.ఎస్. గారికి’ అని రాయండి.

మర్యాద ఎక్కువైతే కూడా చెడుతుంది. ‘తమ దర్శన భాగ్యం కల్పించి’, ‘తమ పాదపద్మములకు’, ‘దేవుడిలాంటి తమరు’ వంటివి రాసినవారు భక్తితోనే రాస్తారు. కానీ అడగడానికి హక్కున్న మనిషి యాచించినట్టు కనిపించనక్కర్లేదు. పైగా ఆ పొగడ్తల మధ్య అసలు విషయాన్ని వెతుక్కోవలసి వస్తుంది. గౌరవం చూపించడానికి తెలుగులో మనకున్న పనిముట్లు చాలు. ‘గారు’ అన్నది ఒకటి, ‘తమరు’ అన్నది రెండోది, ‘కోరుతున్నాము, విన్నవించుకుంటాము’ అన్న క్రియలు మూడోది. ఒకటి మాత్రం చూసుకోవాలి. ‘తమరు’ అని మొదలుపెడితే చివరిదాకా ‘తమరు, తమ’ అనే రాయాలి. ‘మీరు’ అని మొదలుపెడితే ‘మీరు, మీ’ అని సాగాలి. రెండూ మర్యాదే. ఒక వాక్యంలో అదీ, మరో వాక్యంలో ఇదీ కలిస్తే రెండు చోట్ల నుంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

ఇంకో పొరపాటు ఆఫీసు భాషను అరువు తెచ్చుకోవడం. ‘తెలియజేయడమైనది’, ‘కోరడమైనది’, ‘ఇందుమూలముగా’ అన్నవి ప్రభుత్వం తరఫున ఉత్తర్వు రాసేవారి మాటలు. అక్కడ రాసేది మనిషి కాదు, కార్యాలయం. అందుకే కర్త కనిపించకుండా రాస్తారు. రైతు రాస్తే ‘దరఖాస్తు ఇవ్వడమైనది’ అనకూడదు. ఎవరు ఇచ్చారో తెలియాలి కదా. ‘మేము దరఖాస్తు ఇచ్చాము’ అనాలి.

సమస్యను మూడు నాలుగు వాక్యాల్లో చెప్పడం

అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. నెలల తరబడి పడిన కష్టం మనసులో ఉంటుంది కనుక అంతా రాయాలనిపిస్తుంది. కాలువ ఎవరు పూడ్చారు, అతనికి ఎవరి అండ ఉంది, సర్వేయర్ ఏమన్నాడు, ఎన్నిసార్లు తిప్పించుకున్నారు, అన్నీ చేతికి వస్తాయి. అలాంటి మెయిల్ ఇలా మొదలవుతుంది: ‘అయ్యా, మా ఊరిలో ఫలానా వ్యక్తి రాజకీయ పలుకుబడితో కాలువను కబ్జా చేయగా, అధికారులు అతనితో కుమ్మక్కై మమ్ములను తిప్పించుకుంటున్నారు.’

ఇందులో అబద్ధం లేకపోవచ్చు. అయినా ఈ వాక్యం వల్ల రెండు నష్టాలు జరుగుతాయి. మొదటిది, ఒక వ్యక్తి మీద, కొందరు ఉద్యోగుల మీద ఆరోపణ రాతలో పడింది కనుక అది విచారించవలసిన ఫిర్యాదుగా మారి, కలిసే సంగతి పక్కకు పోతుంది. రెండోది, ఆ మెయిల్‌ను పేషీ నుంచి కింది ఆఫీసుకు పంపితే మన మాటలు మనం ఎవరి మీద రాశామో వారి చేతికే వెళ్తాయి. రేపు సర్వే చేయవలసింది కూడా వాళ్లే.

మన నమూనాలో ఆ చోట తేదీలు ఉన్నాయి. మే 5న దరఖాస్తు, జూన్ 23న అర్జీ, ఇంతవరకు సర్వే లేదు. ఎవరినీ నిందించలేదు. కానీ చదివిన అధికారికి ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. పై అధికారి దగ్గరకు నేరుగా రాలేదనీ, వరుసగా వచ్చాం కానీ పని కాలేదనీ ఆ తేదీలే సాక్ష్యం చెబుతాయి. వ్యక్తుల పేర్లు, ఆరోపణలు చెప్పవలసి ఉంటే ఆధారాలతో విడిగా రాసిన అర్జీలో చెప్పండి, ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పండి.

ఇక్కడే మరో జాగ్రత్త. ఆ వివాదం కోర్టులో ఉంటే ఆ మాట దాచకుండా ఒక వాక్యంలో రాయాలి. కోర్టులో ఉన్న విషయం మీద కలెక్టర్ చేయగలిగింది పరిమితం. అది కూర్చున్నాక బయటపడితే సమావేశం అక్కడితో ఆగిపోతుంది, మన మాట మీద నమ్మకమూ పోతుంది. అలాగే ప్రభుత్వ ఉద్యోగి తన బదిలీ గురించో, జీతం గురించో రాయాలంటే ఈ దారి వేరు. తన పై అధికారి ద్వారానే రాయాలి, సంబోధన కింద ‘ద్వారా’ అని ఆ అధికారి హోదా వేయాలి.

ఎప్పుడు, ఎంతసేపు, ఎంతమంది

పేషీలోని మనిషికి అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇది. ‘తమకు వీలున్నప్పుడు సమయం ఇవ్వగలరు’ అనడం వినడానికి వినయంగా ఉంటుంది. దాన్ని బట్టి డైరీలో రాసుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు. ‘23వ తేదీ ఉదయం 11 గంటలకు’ అని ఒక్కటే రాస్తే ఆ వేళ కుదరకపోతే విషయం అక్కడితో ముగుస్తుంది. మూడు రోజులు చెప్పి, అవీ కాకపోతే వారు చెప్పిన రోజు వస్తామని ఒక మాట చేర్చితే రెండు ఇబ్బందులూ ఉండవు.

ఆ మూడు రోజుల్లో సోమవారం లేకుండా చూసుకోండి, ఆ రోజంతా ప్రజల అర్జీలతోనే సరిపోతుంది. తేదీ పక్కన వారం కూడా రాయండి. తేదీ పొరపాటు పడితే వారం పట్టిస్తుంది. మెయిల్ పంపిన మర్నాడే కలవాలని అడగకండి, ఒక వారం ఎడం ఉంటే వారికి సర్దుబాటు చేయడం తేలిక. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి. అప్పుడు ప్రజావాణి వంటి కార్యక్రమాలు కూడా సాధారణంగా ఆపేస్తారు. తప్పనిసరి కాకపోతే ఆ రోజులు పోనివ్వడం మంచిది.

పదిహేను నిమిషాలు అడగడం సబబు. గంట అడిగితే ఇవ్వరు. ‘రెండే నిమిషాలు’ అంటే అందుకు సోమవారం రమ్మంటారు. వచ్చేవారి సంఖ్య ముందే చెప్పాలి. నలుగురని రాసి నలభై మంది వెళ్తే అది కలవడం కాదు, ధర్నాగా చూస్తారు, గేటు దగ్గర పోలీసులు ఆపుతారు. పేర్లు ముందే ఇచ్చి ఉంటే లోపలికి పంపడం సులువు.

కంప్యూటర్ దగ్గర జరిగే తప్పులు

బాగా రాసిన మెయిల్ కూడా కొన్ని చిన్న కారణాల వల్ల చేరదు, చేరినా చదవడానికి రాదు. మొదటిది చిరునామా. జిల్లా అధికారిక వెబ్‌సైట్లలో అధికారుల మెయిల్ చిరునామాలు ఉంటాయి. అయితే వాటిని దొంగ మెయిళ్లు పంపేవారు ఏరుకుపోకుండా `@` గుర్తు బదులు `[at]` అనీ, చుక్క బదులు `[dot]` అనీ వేస్తారు. కొందరు దాన్ని అలాగే ఎత్తి అతికిస్తారు, మెయిల్ వెనక్కి వస్తుంది. ఆ రెండింటినీ గుర్తులుగా మార్చి, ఖాళీలు లేకుండా రాయాలి. ప్రభుత్వ చిరునామా చివర `gov.in` గానీ `nic.in` గానీ ఉంటుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన చిరునామా చివర మరేదైనా ఉంటే వెబ్‌సైట్‌తో సరిచూసుకోకుండా పంపకండి.

రెండోది అక్షరాలు. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా అను ఫాంట్లతో తెలుగు టైప్ చేస్తున్నారు. అది ముద్రణకు బాగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల చోట్లలో గీసి పెట్టిన తెలుగు బొమ్మలను. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే బొమ్మలు మాయమై అర్థంకాని గుర్తుల వరుస మిగులుతుంది. సెంటర్‌లో టైప్ చేయించిన దాన్ని మెయిల్‌లోకి అతికిస్తే జరిగేది ఇదే. మెయిల్‌కు యూనికోడ్ తెలుగు కావాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసేదంతా యూనికోడే. అనులో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు, సంఖ్యలు ఒకసారి చదివి సరిచూసుకోవాలి. పంపే ముందు అదే మెయిల్‌ను మీకు మీరే పంపుకుని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. అక్కడ చక్కగా కనిపిస్తే ఎక్కడైనా కనిపిస్తుంది.

మూడోది ఎవరి మెయిల్ నుంచి పంపుతున్నాం అన్నది. నెట్ సెంటర్ అతని మెయిల్ నుంచో, ఊళ్లో చదువుకున్న కుర్రాడి మెయిల్ నుంచో పంపితే జవాబు కూడా అక్కడికే వస్తుంది. ‘గురువారం 4 గంటలకు రండి’ అన్న మాట ఎవరూ చూడని పెట్టెలో ఉండిపోతుంది. సంఘానికో, బాధ్యత తీసుకున్న రైతుకో సొంత మెయిల్ ఉండాలి, రోజుకు రెండుసార్లయినా చూసేవారు ఉండాలి.

జత చేసేవి ఒక్క పీడీఎఫ్‌గా కూర్చండి. ఫోన్‌తో తీసిన కాగితాలు అడ్డంగా, నీడ పడి ఉంటే మళ్లీ తీయండి. దాని పేరు `IMG_2041` అని వదిలేయకుండా `prajavani-arji-23-06-2025.pdf` లాంటి పేరు పెట్టండి, దించుకున్నాక కూడా దొరుకుతుంది. ఫైల్ బదులు లింకు పంపకండి, తెలియని లింకులు ఆఫీసుల్లో తెరవరు. ఆధార్ కాగితం ఈ మెయిల్‌కు అవసరం లేదు. ఎవరైనా అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని ఇవ్వండి.

ఒకే మెయిల్‌ను ముఖ్యమంత్రి కార్యాలయం, మంత్రి, ఎమ్మెల్యే, పత్రికలవాళ్లు అందరికీ కలిపి పంపడం కూడా మానాలి. అందరికీ వెళ్లిన దాన్ని ఎవరికి వారు ఇంకొకరు చూస్తారులే అనుకుంటారు. సమయం ఇవ్వగలిగింది కలెక్టర్ ఒక్కరే కాబట్టి మెయిల్ కూడా వారి ఒక్కరికే.

పంపిన తరువాత

మూడు పనిదినాలు ఆగండి. జవాబు రాకపోతే కలెక్టరేట్‌కు ఫోన్ చేసి పేషీని అడిగి, ‘16వ తేదీన ఫలానా ఊరి చెరువు రైతులం మెయిల్ పంపామండి, సార్ దృష్టికి వెళ్లిందా?’ అని అడగండి. తేదీ, ఊరు చెబితే వెతకడం తేలిక. మళ్లీ రాయవలసి వస్తే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాత దానికే జవాబుగా రాయండి, ముందు పంపినది కిందే ఉంటుంది. ‘16-07-2025న పంపిన ఈ మెయిల్‌ను మరొకసారి తమ దృష్టికి తెస్తున్నాము. పరిశీలించి సమయం తెలియజేయగలరు’ అంటే చాలు. ‘ఇంతవరకు పట్టించుకోలేదు’ అన్న మాట వద్దు.

అప్పటికీ కదలిక లేకపోతే అదే మెయిల్‌ను కాగితం మీద తీసి, సంతకాలు పెట్టి, కలెక్టరేట్‌లోని తపాలా విభాగంలో ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మెయిల్ పంపామన్నది మన మాట, ముద్ర పడ్డ ప్రతి ఆఫీసు మాట.

సమయం ఇస్తే ఆ రోజే జవాబు రాయాలి: ‘తమరు సూచించినట్లు 24-07-2025 గురువారం సాయంత్రం 4 గంటలకు మేము నలుగురం హాజరవుతాము. కృతజ్ఞతలు.’ వెళ్లలేకపోతే అది కూడా ముందే చెప్పాలి. చెప్పకుండా మానేస్తే రెండోసారి అడగడానికి ముఖం చెల్లదు. వెళ్లినప్పుడు మెయిల్ ప్రతి, జత చేసిన కాగితాలు, కాలువ పటం చేతిలో ఉండాలి. నలుగురిలో మాట్లాడేది ఎవరో ముందే అనుకోవాలి.

చాలామంది చేయని పని ఒకటి ఇక్కడ మిగిలి ఉంటుంది. కలిసి వచ్చిన మర్నాడు అదే వరుసలో మరో చిన్న మెయిల్ రాయాలి: ‘నిన్న మాకు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. కాలువ హద్దుల సర్వే ఆగస్టు మొదటి వారంలో చేయించవలసిందిగా తమరు తహశీల్దార్ గారికి ఆదేశించారు. సర్వే రోజున మేము అందుబాటులో ఉంటాము.’ నోటితో ఇచ్చిన ఆదేశం దీనితో రాతలోకి వస్తుంది. కలెక్టర్ బదిలీ అయినా, తహశీల్దార్ మారినా, ఆ రోజు ఏమన్నారో చూపించడానికి తేదీతో సహా మన దగ్గర ఉంటుంది. అధికారి అనని మాట అందులో చేర్చకండి, చేర్చితే మొత్తం రాత మీదే నమ్మకం పోతుంది.

జిల్లా అధికారిని కలవడానికి పలుకుబడి ఉన్న మనిషిని వెంటబెట్టుకుపోవాలన్న అలవాటు మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. ఆ మనిషికి కృతజ్ఞతతో ఎన్నేళ్లయినా తల వంచి ఉండవలసి వస్తుంది. సొంత భాషలో, సొంత పేరుతో, పది పదిహేను వాక్యాల్లో అడగడం నేర్చుకుంటే ఆ అవసరం చాలావరకు తప్పుతుంది. మీ ఊరి సమస్య ఏదైనా ఉంటే మధ్యవర్తిని వెతికే ముందు ఒక్కసారి ఈ పద్ధతిలో మీరే రాసి చూడండి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే టైప్ చేయడం వాళ్లకు అప్పగించండి, వాళ్లకూ ఈ పని వస్తుంది.